తెల్లవారుజామున కాయిన్ ధర ఎందుకు పెరిగి పడుతోంది?

ప్రశ్న: పొద్దున అయిదున్నరకు చిన్న కాయిన్లు కొంటే తెరమీద కనిపించిన ధరకంటే ఎక్కువ పడుతోంది. రాత్రి ఎనిమిదికి అలా కావడం లేదు. ఎందుకండీ?
– ఒక పాఠకుడు, కలువాయి

జవాబు: క్రిప్టో మార్కెట్‌కు సెలవు లేదు గానీ, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు నిద్రపోతారు కదండీ. మీరు కొనే వేళకు టోక్యోలో అప్పుడే తెల్లవారి తొమ్మిదవుతుంది, యూరప్ నిద్రలో ఉంటుంది, న్యూయార్క్ పని ముగించి ఉంటుంది. అమ్మకానికి పెట్టిన ఆర్డర్లు పలచబడతాయి.

ఉదాహరణకు మీరు 50,000 రూపాయలకు మార్కెట్ ఆర్డర్ పెట్టారనుకోండి. 100 రూపాయల ధరకు 200 కాయిన్లే ఉన్నాయి, మిగతావి 102కు ఉన్నాయి. 500 రావలసిన చోట సుమారు 494 వస్తాయి. దాదాపు 600 రూపాయలు అక్కడే పోయినట్టు. ఈ తేడానే స్లిప్పేజ్ అంటారు.

వేసవిలో మన మధ్యాహ్నం పన్నెండున్నరకు లండన్, రాత్రి ఏడుకు న్యూయార్క్ స్టాక్ మార్కెట్లు తెరుచుకుంటాయి. రెండూ కలిసి నడిచే ఏడు నుంచి తొమ్మిది దాకా సాధారణంగా వాల్యూమ్ ఎక్కువ. 2024 జనవరి నుంచి అమెరికాలో బిట్‌కాయిన్ స్పాట్ ఈటీఎఫ్‌లు కూడా ఆ మార్కెట్ వేళల్లోనే చేతులు మారుతున్నాయి. చలికాలంలో ఈ వేళలన్నీ గంట ఆలస్యమవుతాయి.

అయితే వాల్యూమ్ ఉన్నంత మాత్రాన ధర నిలకడగా ఉండదు. అమెరికా ద్రవ్యోల్బణం లెక్కలు వచ్చే రోజు సాయంత్రం ఆరుకు, చలికాలమైతే ఏడుకు, ధర నిమిషాల్లో ఎగిరిపడుతుంది. ఆ కాసేపు ఆగండి. తెల్లవారుజామునే కొనక తప్పదంటే లిమిట్ ఆర్డర్ పెట్టండి: 100 అని రాస్తే 102కు కొనదు, కాకపోతే ఆర్డర్ పూర్తిగా తీరకపోవచ్చు.