ఒకే బాక్టీరియాలో మూడు నిరోధక యంత్రాంగాలు

స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో మూడు యాంటీబయాటిక్ నిరోధక యంత్రాంగాలు కనిపిస్తాయి. మొదటిది ఎంజైమ్‌తో మందును నిర్వీర్యం చేయడం. బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ పెన్సిలిన్‌లోని బీటా-లాక్టమ్ వలయాన్ని జలవిశ్లేషణతో తెంచేస్తుంది. ఈ ఎంజైమ్‌కు లొంగని మెథిసిలిన్ వచ్చిన కొద్దికాలానికే, 1961లో, దానికీ లొంగని రకాలు బ్రిటన్‌లో బయటపడ్డాయి. ఇది రెండో యంత్రాంగం: వీటిలో మారింది మందు లక్ష్యం. మెక్‌ఏ జన్యువు తయారుచేసే పీబీపీ2ఏ ప్రోటీన్‌కు బీటా-లాక్టమ్ మందుల్లో చాలావరకు సరిగా అతుక్కోవు. కణకవచ నిర్మాణం ఆగదు. అందుకే బీటా-లాక్టమేజ్‌ను అడ్డుకునే క్లావులానిక్ ఆమ్లం ఇక్కడ పనికిరాదు. ప్రయోగశాలలో ఈ రకాన్ని సెఫాక్సిటిన్ డిస్క్‌తో గుర్తిస్తారు. మూడోది ఎఫ్లక్స్ పంపు. కణపొరలోని నోర్‌ఏ పంపు ప్రోటాన్ ప్రవణత శక్తితో సిప్రోఫ్లాక్సాసిన్‌ను బయటికి నెడుతుంది; దీని ఒక్కదానివల్ల వచ్చే నిరోధకత సాధారణంగా స్వల్పమే.