సహోద్యోగులతో కార్‌పూల్: ఎక్కించుకునే చోట్లు ఎలా ఎంచాలి?

సందేహం: మాది నిజాంపేట. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. మియాపూర్, కేపీహెచ్‌బీ, కొండాపూర్‌లలో ఉండే ముగ్గురు సహోద్యోగులతో కలిసి నా కారులో వెళ్లాలనుకుంటున్నాం. హఫీజ్‌పేట మీదుగా వెళ్తాను. కేపీహెచ్‌బీ వెళ్లొస్తే 20 నిమిషాలు ఎక్కువవుతుంది. కొండాపూర్ ఆయన తమ వీధిలోకి రమ్మంటున్నారు, దానికి 8 నిమిషాలు. కేపీహెచ్‌బీ ఆవిడను వద్దనడమే మంచిదా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: వద్దనకండి. ముందు ఆ చుట్టు తిరుగుడు ఎవరి మీద పడుతుందో చూడండి. దారి మళ్లినప్పుడు పోయే సమయాన్ని అప్పటికి కారులో ఉన్నవాళ్ల సంఖ్యతో గుణించాలి. కేపీహెచ్‌బీ వెళ్లేటప్పుడు కారులో మీరొక్కరే. కాబట్టి పోయేది మీ 20 నిమిషాలే. కొండాపూర్ వీధిలోకి తిరిగేసరికి ముగ్గురుంటారు. అక్కడ 8 నిమిషాలంటే మొత్తం 24 నిమిషాలు. చిన్నదిగా కనిపించే రెండో మలుపే ఎక్కువ ఖరీదు.

కేపీహెచ్‌బీ ఆవిడకు మెట్రో ఉంది. కేపీహెచ్‌బీ కాలనీలో ఎక్కితే జేఎన్‌టీయూ కాలేజీ తర్వాత మియాపూరే. అక్కడ రైలు దిగి, మీరు వెళ్లే వైపు మెట్లమీదుగా కిందికి వస్తే చాలు. మియాపూర్ సహోద్యోగినీ అక్కడికే రమ్మనండి. ఇద్దరికీ ఒకే ఆగుదల.

కొండాపూర్ ఆయన మెయిన్‌రోడ్డు దాకా నడిచి రావాలి. ఆ చోటు మీ ఎడమచేతి వైపు ఉండాలి. రోడ్డుకు అవతలి వైపు నిలబడితే మీరు యూటర్న్ తీసుకోవాలి, లేదా ఆయన వాహనాల మధ్య పరుగెత్తాలి. సరిగ్గా కూడలిలోనో, బస్సులు ఆగే చోటో కారు ఆపకండి. ఎవరూ పొరబడకుండా ఫలానా దుకాణం ముందు అని గుర్తు చెప్పుకోండి.

టైమును ఆఫీసు నుంచి వెనక్కి లెక్కించండి. 9.30కి సీట్లో ఉండాలంటే 9.20కి చేరాలి. మీ దారిలో కొండాపూర్ నుంచి 30 నిమిషాలు, మియాపూర్ నుంచి కొండాపూర్‌కు 25, మీ ఇంటి నుంచి మియాపూర్‌కు 15 పడుతుందనుకుందాం. అప్పుడు కొండాపూర్‌లో 8.50, మియాపూర్‌లో 8.25, మీ ఇంట్లో 8.10. ఈ నిమిషాలను ఆదివారం కాకుండా ఒక సోమవారం అదే వేళకు బయల్దేరి చూసుకుని ఖాయం చేసుకోండి.

సాయంత్రం ఇవే చోట్లు పనికిరావు, ఎందుకంటే కారు రోడ్డుకు రెండో వైపున వస్తుంది. కొండాపూర్ ఆయనను రోడ్డు దాటే వీలున్న చోట దించాలి. దిగే చోట్లను వేరుగా రాసుకోండి.

సందేహం: మా కార్‌పూల్‌లో ఒకరు రోజూ ఐదు పది నిమిషాలు ఆలస్యం. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మియాపూర్

సమాధానం: ఇక్కడా అదే గుణకారం. ముగ్గురున్న కారు ఐదు నిమిషాలు ఆగితే పదిహేను నిమిషాలు పోయినట్టే. మూడు నిమిషాలు చూసి, ఫోన్ చేసి, బయల్దేరతామని మొదటి రోజే అందరూ ఒప్పుకోండి. రాలేనివారు రాత్రే వాట్సాప్ గ్రూపులో చెప్పాలి. కారు నడిపేవారు సెలవు పెట్టినా అంతే. అయినా అలవాటు మారకపోతే, ఆ వ్యక్తిని చివరగా కాకుండా మొదట ఎక్కేవారిగా మార్చండి. అప్పుడు ఎదురుచూసేది ఒక్కరే.

సందేహం: డబ్బులెలా పంచుకోవాలి? తీసుకుంటే ఇన్సూరెన్స్‌కు ఇబ్బందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: అందరికీ కార్లుంటే వారానికొకరు తమ కారు తీయడం ఉత్తమం, డబ్బు ప్రసక్తే రాదు. ఒక్కరి కారే అయితే ఇంధనం పంచుకోండి. రానూపోనూ 40 కిలోమీటర్లు, మైలేజీ 16 అయితే రోజుకు రెండున్నర లీటర్లు. లీటరు 108 రూపాయలనుకుంటే 270. నడిపేవారితో సహా నలుగురికి తలా 67 రూపాయల 50 పైసలు. రోజూ చేతులు మార్చుకోకుండా, వచ్చిన రోజులు రాసుకుని నెలాఖరున ఇచ్చేయండి.

ఖర్చు పంచుకోవడం వేరు, లాభం తీసుకోవడం వేరు. తెల్ల నంబరు ప్లేటున్న సొంత కారును కిరాయికి తిప్పడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. ప్రైవేటు కారు పాలసీ కూడా కిరాయి వాడకానికి వర్తించదు. కనుక మనిషికింత చొప్పున చార్జీ పెట్టకండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే కారులో కూర్చున్నవారికి అది సాధారణంగా వర్తించదు. నలుగురిని ఎక్కించుకునే ముందు సమగ్ర పాలసీ ఉందో లేదో చూసుకుని, ప్రయాణికుల రక్షణ గురించి బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.