ధ్యానం – వైద్యం: “దేనితో పోల్చి చూశారు?”



“ఎనిమిది వారాలు ధ్యానం చేస్తే మెదడే మారిపోతుందని సైన్సు రుజువు చేసింది” అనే మాట మీరు వినే ఉంటారు. ధ్యాన కేంద్రాల కరపత్రాల్లో, వాట్సాప్ సందేశాల్లో, మన విహారాల ఉపన్యాసాల్లో కూడా ఇది తిరుగుతోంది. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: “ధ్యానం ఉండగా బీపీ గోళీలెందుకు, డిప్రెషన్ మందులెందుకు?” మొదటి మాటను పరీక్షించకుండా ఒప్పేసుకుంటే, రెండో మాట నమ్మినవాళ్లు ఆరోగ్యం పోగొట్టుకుంటారు. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే ఆ రుజువు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంతవరకు నిలబడిందో ఈ పాఠంలో మెట్టు మెట్టుగా చూద్దాం.

పదహారు మంది మెదళ్లు

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన ఒక శిక్షణ మొదలుపెట్టాడు. శ్వాసను గమనించడం, శరీరంలోని వేదనలను ఎరుకతో చూడటం లాంటి బౌద్ధ సాధనలను తీసుకుని, మతం పేరు పక్కనపెట్టి, ఒత్తిడితో బాధపడే రోగులకు నేర్పాడు. మొత్తం ఎనిమిది వారాలు. వారానికొక తరగతి, రోజూ ఇంట్లో సాధన. ధ్యానం మీద ఇవాళ మనం వినే పరిశోధనల్లో చాలా భాగం ఈ శిక్షణ మీద జరిగినవే.

2011లో బ్రిటా హోల్జెల్, సారా లాజర్, వాళ్ల సహచరులు ఈ శిక్షణ తీసుకున్న 16 మందిని పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. శిక్షణకు ముందు, తర్వాత వాళ్ల మెదడుకు స్కాన్ తీశారు. శిక్షణ తీసుకోని 17 మందికి కూడా రెండుసార్లు స్కాన్ తీసి పోల్చారు. ధ్యానం చేసినవాళ్లలో, జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగంలోనూ, మరికొన్ని చోట్లా బూడిదరంగు పదార్థం సాంద్రత పెరిగినట్టు కనిపించింది. వాళ్లు రోజుకు సగటున 27 నిమిషాలు సాధన చేశారు. ఈ వార్త ప్రపంచమంతా పాకింది. మన కరపత్రాల్లోకి వచ్చింది కూడా ఇదే.

ఇందులో మోసం ఏమీ లేదు. అయితే మూడు సంగతులు గమనించాలి. ఒకటి, చూసింది 16 మందినే. ఇంత చిన్న గుంపులో యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కూడా పెద్దదిగా కనపడొచ్చు. రెండు, వాళ్లు ఒత్తిడి తగ్గించుకోవాలని తమంతట తామే వచ్చి చేరినవాళ్లు. ఎవరు శిక్షణలో, ఎవరు బయట అనేది లాటరీ తీసి పంచలేదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: అవతలి 17 మంది ఆ ఎనిమిది వారాలూ ఏ శిక్షణా తీసుకోలేదు.

రైతు లెక్కలో చెప్పుకుందాం. కొత్త ఎరువు పనిచేస్తుందో లేదో తేల్చాలని ఒకాయన కాలవ పక్కనున్న మడిలో ఎరువు చల్లాడు. ఆ మడికి నీళ్లు పెట్టాడు, కలుపు తీశాడు, రోజూ వెళ్లి చూసుకున్నాడు. పోల్చడానికి తీసుకున్న మడినేమో వదిలేశాడు. మొదటి మడిలో పంట బాగా వచ్చింది. ఇది ఎరువు గొప్పా, నీళ్ల గొప్పా? తేలాలంటే రెండు మడులకూ నీళ్లు, కలుపు, కాపలా సమానంగా ఉండి, ఎరువు ఒక్కటే తేడాగా ఉండాలి కదా!

సమానమైన పోలిక పెట్టి చూస్తే

ఎనిమిది వారాల శిక్షణలో ధ్యానం ఒక్కటే ఉండదు. వారం వారం ఇల్లు వదిలి బయటికి రావడం ఉంటుంది. మన బాధ వినే గురువు, మనలాంటి బాధే ఉన్న తోటివాళ్లు ఉంటారు. “దీంతో నాకు బాగవుతుంది” అనే ఆశ ఉంటుంది. వీటిలో ప్రతిదానికీ మనిషిని కుదుటపరిచే బలం ఉంది. ఇది గుర్తించి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో ఎనిమిది వారాల శిక్షణ తయారుచేశారు. అందులో వ్యాయామం, ఆహార నియమాలు, సంగీతం ఉన్నాయి. గురువు, గుంపు, ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసం అన్నీ ఉన్నాయి. ధ్యానం మాత్రం లేదు.

తర్వాత ధ్యానం అలవాటు లేనివాళ్లను తీసుకుని, లాటరీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ధ్యాన శిక్షణ, రెండో గుంపుకి ఈ ఆరోగ్య శిక్షణ, మూడో గుంపు వెయిటింగ్ లిస్టు. రెండు ప్రయోగాల్లో కలిపి 218 మంది. ఫలితాలు 2022లో టామీ క్రాల్ బృందం ప్రచురించింది. మెదడు నిర్మాణంలో మూడు గుంపుల మధ్య తేడా లేదు. హిప్పోక్యాంపస్ పెరగలేదు. పరిమాణం చూసినా, సాంద్రత చూసినా, మందం చూసినా అదే ఫలితం.

ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. “మీలో ఎరుక పెరిగిందా?” అని తెలుసుకునే ప్రశ్నపత్రం ఇస్తే, ధ్యాన శిక్షణ తీసుకున్నవాళ్లూ, ధ్యానమే లేని ఆరోగ్య శిక్షణ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ వెయిటింగ్ లిస్టు వాళ్లకన్నా ఎక్కువ పెరిగిందన్నారు. అంటే మనిషి తన గురించి తాను చెప్పే మాట కూడా, పోలిక లేకుండా రుజువు కాదన్నమాట.

ఈ పరిశోధనలో రిచర్డ్ డేవిడ్సన్ కూడా ఉన్నాడు. ఆయన స్వయంగా ధ్యాని, దలైలామాతో చాలాకాలంగా కలిసి పనిచేస్తున్నవాడు. ఫలితం తమ ఆశకు ఎదురొచ్చినా ఆయనా, ఆయన తోటివాళ్లూ దాన్ని దాచలేదు.

దీన్ని పట్టుకుని “ధ్యానం దండగ” అనడం కూడా తొందరపాటే. ఈ పరిశోధన చెప్పింది ఎనిమిది వారాల శిక్షణ గురించి, మెదడు నిర్మాణం గురించి మాత్రమే. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్ల గురించి ఇది ఏమీ తేల్చలేదు. రుజువు ఎంతవరకు ఉందో అంతవరకే మాట్లాడాలి. ఈ నియమం పొగడ్తకూ వర్తిస్తుంది, తెగడ్తకూ వర్తిస్తుంది.

మరి ధ్యానంతో ఆరోగ్యానికి ఏం ఒరిగింది?

2014లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన బృందం 47 ప్రయోగాలను, మొత్తం 3,515 మంది వివరాలను కలిపి పరిశీలించింది. వాళ్లు ఒక గట్టి నియమం పెట్టుకున్నారు: ధ్యానం గుంపుకి పోలికగా ఇంకో గుంపుకి కూడా అంతే సమయం, అంతే శ్రద్ధ ఇచ్చిన ప్రయోగాలనే లెక్కలోకి తీసుకున్నారు. రెండు మడులకూ నీళ్లు పెట్టిన ప్రయోగాలన్నమాట.

అలా వడపోసిన తర్వాత కూడా కొంత మిగిలింది. ఆందోళన, దిగులు, నొప్పి వల్ల కలిగే బాధ ఈ మూడింటిలో ధ్యానం కొద్దిపాటి నుంచి ఒక మాదిరి మేలు చేస్తుందని తేలింది. నిద్ర, బరువు, ఏకాగ్రత లాంటి విషయాల్లో గట్టి ఆధారం దొరకలేదు. మందులకన్నా, వ్యాయామంకన్నా, ఇతర మానసిక చికిత్సలకన్నా ధ్యానం మెరుగని చెప్పడానికి కూడా ఆధారం దొరకలేదు.

రెండో వైపు కూడా చూడాలి. 2020లో ఇంకో బృందం 83 అధ్యయనాలను కలిపి చూస్తే, ధ్యానం చేసినవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగినట్టు కనపడింది. వాటిలో ఆందోళన, దిగులే ఎక్కువ. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లను డాక్టర్‌ని అడగకుండా పది రోజుల మౌన శిబిరానికి పంపడం ఎందుకు తప్పో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

బీపీ గోళీ దగ్గర ఈ ప్రశ్న వేద్దాం

ఒకామె శిబిరంలో చేరిన రోజు బీపీ చూస్తే పైఅంకె 160 ఉందనుకుందాం. పదో రోజు చూస్తే 140. “ఇరవై తగ్గింది, ఇక గోళీ మానేయొచ్చు” అని పక్కవాళ్లు అంటారు. మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దేనితో పోల్చి?

మొదటి రోజు ఆమె బస్సులో నిలబడి వచ్చింది, కొత్త చోటు, కంగారు. ఆ అంకె మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. బాగా ఎక్కువగా వచ్చిన అంకె, ఏమీ చేయకపోయినా, రెండోసారి చూసినప్పుడు కిందికి జారడమే మామూలు. పైగా ఈ పది రోజులూ ఆమె పచ్చడి, అప్పడం తినలేదు. వేళకు పడుకుంది. ఇంటి చాకిరీ లేదు, అప్పులవాళ్ల ఫోన్లు లేవు. గోళీ కూడా వేసుకుంటూనే ఉంది! ఇన్నిటిలో ధ్యానం వంతు ఎంతో ఆ రెండు అంకెలు చెప్పలేవు. ఆమె ఇంటికి వెళ్లాక ధ్యానం ఒక్కటే మిగిలి, పచ్చడీ చాకిరీ ఫోన్లూ తిరిగొస్తాయి. అప్పుడు గోళీ కూడా మానేస్తే? కొన్ని రకాల బీపీ మందులను ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగదన్నుతుంది, గుండెకే ప్రమాదం రావచ్చు.

చేయాల్సింది ఇది. ఇంటికొచ్చాక కొన్ని వారాలపాటు ఒకే వేళకు, ఐదు నిమిషాలు కూర్చుని స్థిమితపడ్డాక బీపీ చూపించుకుని అంకెలు కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం డాక్టర్‌కి చూపాలి. మోతాదు తగ్గించాలంటే ఆ డాక్టరే తగ్గించాలి. ధ్యానం మానక్కర్లేదు, గోళీ మానకూడదు.

ధమ్మం ఏ పక్క నిలబడింది?

“మందు వేసుకుంటే సాధన మీద నమ్మకం లేనట్టే” అనేవాళ్లకు వినయ పిటకమే జవాబు. అందులో మందుల గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. నెయ్యి, నూనె, తేనె, వేర్లు, ఆకులు ఏ రోగానికి ఎలా వాడొచ్చో భిక్షువులకు అనుమతి ఇచ్చారు. బుద్ధుడికి జబ్బు చేస్తే జీవకుడు వైద్యం చేశాడు, బుద్ధుడు ఆ మందు తీసుకున్నాడు. ధ్యానంలో ఆయనను మించినవాళ్లం కాదు కదా మనం.

సల్లత్థ సుత్తంలో రెండు బాణాల ఉపమానం ఉంది. శరీరానికి తగిలే నొప్పి మొదటి బాణం. దాని గురించి మనసు పడే ఏడుపు, కుంగుబాటు రెండోది. ధమ్మం తెలిసినవాడికి మొదటి బాణం తగలదని బుద్ధుడు చెప్పలేదు. రెండోది తగలదన్నాడు. 2014 నాటి పరిశీలనలో నిలబడిన మేలు కూడా ఎక్కువగా ఈ రెండో బాణానికి సంబంధించినదే. మొదటి బాణానికి వైద్యుడు కావాలి, ఆసుపత్రి కావాలి. అవి మన బస్తీకి అందేలా చూడమని అడగడం కూడా ధమ్మం పనే.

కాలాములకు బుద్ధుడు చెప్పింది కూడా ఇదే: గురువు చెప్పాడని, గ్రంథంలో ఉందని నమ్మవద్దు. ఇవాళ ఆ జాబితాకి “సైన్సు రుజువు చేసిందట” అనేదాన్ని కూడా కలుపుకోవాలి.

వచ్చే ఆదివారం విహారంలో చర్చకు

1. ధ్యానం గురించి మీకు వచ్చిన ఒక వార్త లేదా సందేశం తీసుకురండి. అందులో ఎంతమందిని చూశారు, ఎన్నాళ్లు చూశారు, దేనితో పోల్చారు అనేవి ఉన్నాయా?

2. ఆ పరిశోధనలో పోలిక గుంపుకి కూడా గురువు, తోడు, సమయం దొరికాయా, లేక వాళ్లు ఊరికే ఎదురుచూశారా?

3. ఆ సందేశం నమ్మి మీ ఇంట్లో ఎవరైనా మందు మానేస్తే జరిగే నష్టం ఏమిటి? దాన్ని పంపినవాళ్లు ఆ బాధ్యత తీసుకుంటారా?

నమో బుద్ధాయ. జై భీమ్.