బిడ్ తీసేయాలా, వివరణ అడగాలా

టెక్నికల్ బిడ్ చూసేటప్పుడు ఎక్కువ మంది తడబడేది మూడో గడి దగ్గర. అర్హుడు, అనర్హుడు అని రాయడం తేలికే. వివరణ అడగాలా వద్దా అన్న చోటే అసలు చిక్కు. అడగకూడనిది అడిగితే ఒకరికి మేలు చేశారంటారు, అడగాల్సింది వదిలేస్తే మంచి బిడ్ పోతుంది.

తల్లాడ మండలంలో 90 లక్షల సీసీ రోడ్డు పని, గడువు ఆరు నెలలు అనుకుందాం. టెండర్ డాక్యుమెంట్‌లో బిడ్ కెపాసిటీ 2AN − B అని ఉంది. A అంటే గత ఐదేళ్లలో ఒక్క ఏడాదిలో చేసిన గరిష్ఠ పని విలువ. N గడువు, ఏళ్లలో. B అంటే ఆ గడువులోనే పూర్తి చేయాల్సిన చేతిలోని పనుల విలువ. మొదటి బిడ్డర్ A 1.20 కోట్లు. N అర ఏడాది కాబట్టి 2AN కూడా 1.20 కోట్లే. చేతిలో ఒక పని ఉందని చూపాడు గానీ మిగిలిన విలువ గడి ఖాళీగా వదిలాడు. ఖాళీని సున్నా అనుకుంటే అర్హుడైపోతాడు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఆ పని చేయించే ఇంజినీరు సర్టిఫికెట్ అడగండి. మిగిలింది 40 లక్షలని తేలితే కెపాసిటీ 80 లక్షలే, అనర్హుడు. ఆ తరువాత ఇంకో పాత పని తెచ్చి A పెంచుతానంటే ఒప్పుకోవద్దు.

రెండో బిడ్డర్ అనుభవానికి వర్క్ ఆర్డర్ పెట్టి, కంప్లీషన్ సర్టిఫికెట్ మరిచాడు. పని టెండర్ తేదీకి ముందే పూర్తయి ఉంటే ఆ సర్టిఫికెట్ అడగవచ్చు. కేంద్రం ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్ కూడా ఇదే చెబుతుంది: చూపిన ఆర్డర్‌కు తగ్గిన కాగితం తీసుకోవచ్చు, కొత్త ఆర్డర్ మాత్రం తీసుకోకూడదు. రాష్ట్ర పనికి మాత్రం మీ టెండర్ డాక్యుమెంట్ ఏం చెబుతుందో ముందు చూసుకోండి.

ప్రతి చిన్న తేడాకీ తీసేయడం కూడా నిలబడదు. ఈఎండీ నగదుగా గానీ స్టేట్ బ్యాంక్ డ్రాఫ్ట్‌గా గానీ ఇవ్వాలంటే, ఒక బిడ్డర్ యూనియన్ బ్యాంక్ సర్టిఫై చేసిన చెక్కు ఇచ్చాడు. పొద్దార్ స్టీల్ కేసులో 1991లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది. అర్హతకు మూలమైన షరతు వేరు, దాన్ని నెరవేర్చే తీరుకు సంబంధించిన షరతు వేరు అంది. అసలు ఈఎండీయే లేకపోతే ఆ తీర్పు ఎవరినీ కాపాడదు.

వివరణ అడిగేది ప్రైస్ బిడ్ తెరవకముందే. అదీ రాతపూర్వకంగా, గడువు పెట్టి, అదే లోపం ఉన్న అందరినీ అడగండి. రేట్లు చూశాక ఫోన్‌లో అడిగింది ఏదీ రికార్డులో నిలవదు. గడువులో జవాబు రాకపోతే బిడ్‌లో ఉన్న కాగితాలతోనే తేల్చండి.

రిమార్క్స్‌లో "నాట్ క్వాలిఫైడ్" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టకండి. క్లాజ్ నంబరు, బిడ్‌లో పేజీ నంబరు, ఎంత కావాలి, ఎంత ఉంది అన్నవి రాశాకే పెట్టండి.