మిర్చి ఓడ ఎక్కేటప్పుడు ఏ కాగితంలో ఏముండాలి?

యార్డులో మిర్చి అమ్మితే కాటా అయ్యాక తక్‌పట్టీ చేతికి వస్తుంది, సరుకు కళ్ళెదుటే వుంటుంది. విదేశానికి పంపితే అలా కాదు. సరుకు ఓడలో వెళ్తుంది, డబ్బు బ్యాంకులో వస్తుంది, ఈ రెంటినీ కలిపేవి కాగితాలే. వాటిలో రైతు సంఘాలు తప్పక తెలుసుకోవలసినవి రెండు. ఒకటి ప్యాకింగ్ లిస్టు, రెండోది బిల్ ఆఫ్ లేడింగ్. మొదటిది మనం రాసేది, రెండోది ఓడ కంపెనీ ఇచ్చేది.

గుంటూరు జిల్లాలో ఒక రైతు సంఘం మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ రేవుకు తేజ రకం మిర్చి పంపుతున్నదని అనుకుందాం. సరుకు 14 టన్నులు, కిలో ధర రెండున్నర డాలర్లు, మొత్తం 35,000 డాలర్లు. కొనుగోలుదారు 30 శాతం, అంటే 10,500 డాలర్లు ముందే పంపాడు. మిగతా 24,500 డాలర్లు బ్యాంకులో కట్టి కాగితాలు తీసుకోవాలని ఒప్పందం. సరుకు చెన్నై రేవు నుంచి వెళ్తుంది.

ప్యాకింగ్ లిస్టు: కాటా దగ్గరే పుట్టాలి

ప్యాకింగ్ లిస్టులో ధర వుండదు. ఏ సంచిలో ఏ సరుకు, ఎంత బరువు, సంచి మీద ఏ గుర్తు వున్నదీ మాత్రమే వుంటుంది. మన లెక్క ఇలా వుందనుకోండి. 1 నుంచి 360 వరకు నంబర్లున్న సంచుల్లో తొడిమ తీసిన కాయ, 361 నుంచి 560 వరకు తొడిమ వున్న కాయ. ఒక్కో సంచిలో సరుకు 25 కిలోలు, ఖాళీ సంచి బరువు 250 గ్రాములు. అప్పుడు నికర బరువు 14,000 కిలోలు, సంచులతో కలిపి స్థూల బరువు 14,140 కిలోలు. మొదటి రకం 9,000 కిలోలు, రెండోది 5,000 కిలోలు అని విడిగా చూపి, కింద మొత్తం వేయాలి. ఖాళీ సంచి బరువు ఊహించి వేయకూడదు. పది సంచులు కాటా పెట్టి సగటు తీయాలి.

చాలామంది చేసే పని ఏమిటంటే, ఆర్డరు రాగానే ఇన్‌వాయిసుతోపాటే ప్యాకింగ్ లిస్టు కూడా టైపు చేసి పెట్టుకుంటారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. హమాలీలు కంటైనర్ నింపేటప్పుడు నాలుగు సంచులు చినిగాయి, పక్కన పడేశారు అనుకోండి. లోపలికి వెళ్ళినవి 556 సంచులే. నికర బరువు 13,900, స్థూల బరువు 14,039 కిలోలకు తగ్గింది. కాగితం మాత్రం 560 అంటుంది. అవతల రేవులో లెక్కిస్తే నాలుగు సంచులు తక్కువ. సరుకు దారిలో పోయిందా, అసలు పెట్టలేదా అన్న తగువు వస్తుంది. అందుకని గోడౌను దగ్గర ఒక మనిషి ప్రతి సంచి నంబరుకూ టిక్కు పెట్టి, తలుపు మూశాక ఆ కాగితాన్ని చూసే ప్యాకింగ్ లిస్టుకు తుదిరూపం ఇవ్వాలి. సంచులు తగ్గితే ఇన్‌వాయిసు కూడా 34,750 డాలర్లకు దిగాలి. అడ్వాన్సు పోను రావలసింది 24,250 డాలర్లు అవుతుంది. కస్టమ్స్ వారికి దాఖలు చేసిన షిప్పింగ్ బిల్లులోని లెక్క కూడా మార్చవలసిందని కస్టమ్స్ బ్రోకర్‌కు అదే రోజు చెప్పాలి.

తలుపుకు వేసిన సీలు నంబరు, కంటైనర్ నంబరు కూడా అప్పుడే రాసుకోవాలి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు వుంటాయి. రెండింటికీ ఫోటో తీసి వుంచుకోవడం మంచిది.

బిల్ ఆఫ్ లేడింగ్: సరుకు మీద హక్కు దీనిదే

ఈ కాగితం మూడు పనులు చేస్తుంది. సరుకు ముట్టిందని ఓడ కంపెనీ ఇచ్చే రసీదు ఇదే. ఫలానా రేవుకు చేరుస్తామన్న ఒప్పందానికి రుజువు కూడా ఇదే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అవతల రేవులో అసలు కాగితం అప్పగించినవారికే సరుకు దక్కుతుంది. మన దేశంలో దీనికి 1856 నాటి చట్టం వుండేది, దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది.

మామూలుగా మూడు అసలు ప్రతులు ఇస్తారు. ఏ ఒక్కటి అప్పగించి సరుకు విడిపించుకున్నా మిగతా రెండూ చెల్లవు. కాబట్టి ‘ముందు ఒక కాపీ నాకు కొరియర్ చేయండి, క్లియరెన్సు పని మొదలెడతాను’ అని కొనుగోలుదారు అడిగితే జెరాక్సు పంపండి, అసలు ప్రతి పంపకండి. ఆ ఒక్కటితో అతను సరుకు తీసుకుపోతే మన 24,500 డాలర్లకు ఆసరా వుండదు.

‘సరుకు ఎవరికి’ అన్న గడి మీద అంతా ఆధారపడి వుంటుంది. అక్కడ కొనుగోలుదారు పేరే నేరుగా రాస్తే ఆ కాగితాన్ని మరొకరికి బదలాయించడం కుదరదు, అతను వద్దంటే సరుకు ఇంకొకరికి మళ్ళించడం కష్టమవుతుంది. డబ్బు పూర్తిగా రానప్పుడు అక్కడ ‘టు ఆర్డర్’ అని రాయించి, కొనుగోలుదారు పేరు కింద ‘నోటిఫై పార్టీ’ గడిలో పెట్టించాలి. ఓడ వచ్చిందని కబురు అతనికి అందుతుంది, హక్కు మాత్రం మన దగ్గరే వుంటుంది. తర్వాత కాగితం వెనుక సంఘం ముద్రతో సంతకం చేసి, మూడు ప్రతులూ బ్యాంకు ద్వారానే పంపాలి. ‘సీ వేబిల్’ అనే మరో కాగితం వుంది. దానికి ఈ బలం లేదు, అసలు ప్రతి చూపకుండానే సరుకు ఇచ్చేస్తారు.

గోడౌనులో మనమే నింపి సీలు వేసిన కంటైనర్ లోపల ఏమున్నదీ ఓడ కంపెనీ చూడదు. అందుకే బిల్లు మీద ‘పంపినవారు నింపినది, లెక్క వారిదే’ అన్న అర్థం వచ్చే మాట ముద్రిస్తారు. అది చూసి కంగారుపడనక్కర్లేదు, బ్యాంకులు దాన్ని తప్పుగా పట్టవు. అయితే సంచుల లెక్కకు పూచీ మనదే అని గుర్తుంచుకోవాలి. సీలు చెక్కుచెదరకుండా చేరి, లోపల తక్కువ వస్తే ఓడ కంపెనీని అడగడం వల్ల ఫలితం తక్కువ.

తేదీ సంగతి కూడా చూసుకోవాలి. లారీ గోడౌను కదిలిన రోజు లెక్కలోకి రాదు. ‘ఓడలో ఎక్కించబడినది’ అని బిల్లు మీద వేసే తేదీయే రవాణా తేదీ. 31వ తేదీలోగా ఎక్కించాలన్న ఒప్పందానికి 29న లారీ పంపి, సరుకు 2వ తేదీన ఓడ ఎక్కితే గడువు దాటినట్టే.

డ్రాఫ్టు వచ్చినపుడే సరిచూడండి

అసలు బిల్లు ముద్రించే ముందు ఓడ కంపెనీ నమూనా పంపుతుంది. దాన్ని ప్యాకింగ్ లిస్టు పక్కన పెట్టుకుని సంచుల సంఖ్య, స్థూల బరువు, కంటైనర్, సీలు నంబర్లు, రేవు పేరు, ‘టు ఆర్డర్’ మాట, ఓడకూలీ ఎవరు కట్టేదీ వేలు పెట్టి చదవాలి. అప్పుడు దిద్దడం తేలిక. అసలు బిల్లు చేతికొచ్చాక దిద్దించాలంటే రుసుము కట్టాలి, రోజులు పోతాయి.

చెన్నై నుంచి పోర్ట్ క్లాంగ్ దగ్గరి ప్రయాణమే. ఓడ వారం పది రోజుల్లో చేరవచ్చు, కాగితాలు బ్యాంకుల్లో నలుగుతుంటే కంటైనర్ అక్కడ పడివుండి రోజుకింత అద్దె ఎక్కుతుంది. అందుకని బిల్లు చేతికి వచ్చిన రోజే బ్యాంకులో ఇవ్వాలి. ‘సరెండర్ చేయండి, కాగితం లేకుండానే విడిపించుకుంటా’ అని కొనుగోలుదారు అడగవచ్చు. అడగడంలో తప్పులేదు, అలాంటి పద్ధతి వుంది. ఒప్పుకోవడం మాత్రం మిగతా 24,500 డాలర్లు మన ఖాతాలో పడ్డాకే. సొమ్ము పంపినట్టు చూపే స్లిప్పు సొమ్ము కాదు, బ్యాంకు జమ చేసినట్టు చెప్పాలి.