ఎవరి డబ్బు ఎవరికిస్తున్నారు?

ప్రశ్న: మాది ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే చిన్న ఆఫీసు. ఒకావిడ జూన్ 1 నుంచి 799 ప్లాన్ వద్దనుకుని 599 ప్లాన్‌కి మారారు. మేం ఆ మార్పు కౌంటర్లో రాసుకున్నాం గానీ బిల్లింగ్‌లో ఎక్కించలేదు, మూణ్ణెల్లు పాత లెక్కనే బిల్లు వేశాం. ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసి, ఓసారి ఆఫీసుకొచ్చి అడిగితే గానీ విషయం తేలలేదు. మా సారు గుడ్‌విల్ కింద కొంత క్రెడిట్ ఇద్దామన్నారు. నేను రాసిన మెసేజ్ ఇది. కాస్త మెరుగులు దిద్దండి.

"గౌరవనీయులైన వినియోగదారునికి, సాంకేతిక కారణాల వల్ల మీ బిల్లులో స్వల్ప వ్యత్యాసం చోటుచేసుకున్నందుకు తీవ్రంగా చింతిస్తున్నాము. మీకు కలిగిన అసౌకర్యానికి మా హృదయపూర్వక క్షమాపణలు. మీ సంతృప్తే మా ధ్యేయం. మీపై మాకున్న గౌరవానికి గుర్తుగా రూ. 826 గుడ్‌విల్ క్రెడిట్ మీ ఖాతాకు జమ చేస్తున్నాము. మరొక్కసారి క్షమాపణలతో..."
— ఒక ఉద్యోగిని, భీమవరం

జవాబు: మెరుగులు తర్వాత దిద్దుదాం. ముందు ఆ 826 సంగతి తేల్చండి.

నెలకు 200 చొప్పున మూణ్ణెల్లకి 600 ఎక్కువ వేశారు. దాని మీద 18 శాతం జీఎస్టీ 108. వెరసి 708 రూపాయలు. అంటే మీరు గౌరవానికి గుర్తుగా ఇస్తున్న 826లో 708 ఆవిడ సొమ్మే. మీ జేబులోంచి వెళ్తున్నది 118. ఆవిడ డబ్బు ఆవిడకిస్తూ దానికి గుడ్‌విల్ అని పేరు పెడితే, లెక్క తెలిసిన మనిషికి ఒళ్ళు మండదా? మూడు నెలలు బిల్లు చూసుకుని మూడుసార్లు మిమ్మల్ని అడిగిన మనిషికి లెక్క తెలుసనే అనుకోండి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచు వస్తాయి. ప్రతిదాంట్లోనూ భాష బాగా లేదనే బెంగ. చూడబోతే భాష బాగానే ఉంటుంది, బాకీనీ బహుమతినీ ఒకే సంచిలో వేసేస్తారు.

కాబట్టి రెండూ విడదీయండి. 708 ఆవిడ ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే వెనక్కి వెళ్ళాలి. వచ్చే బిల్లులో సర్దుతామనకండి, ఆవిడ తనంతట తానే సరేనంటే తప్ప. మీరు తీసుకున్నది నగదు, ఇస్తానంటున్నది మీ దగ్గరే మళ్ళీ ఖర్చుపెట్టుకోమనే హామీ. ఆ రెండూ ఒకటి కావు. మీ వైపు నుంచి ఇచ్చే 118 మాత్రం వచ్చే బిల్లులో తగ్గించవచ్చు, అది మీ ఇష్టం కనుక. 599లో వంద తగ్గించి 499 మీద పన్ను వేస్తే బిల్లు మామూలుగా వచ్చే 707కి బదులు 589 వస్తుంది. మెసేజ్‌లో రాయాల్సిన అంకె ఈ 589. ఆవిడ కంటికి కనబడేది అదే. మీరు వంద తగ్గించామని రాసి, బిల్లులో 118 తగ్గితే, మళ్ళీ ఏదో తేడా వచ్చిందని ఇంకో ఫోన్ వస్తుంది.

ఈ అదనపు సొమ్ము ఎంత ఉండాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. తప్పు ఎంత పెద్దదన్నది 708తో తీరిపోయింది. దీన్ని తూచాల్సింది ఆవిడ పడ్డ తిప్పలతో. రెండు ఫోన్లు, ఆఫీసుకు రానూ పోనూ ఆటో, ఒక మధ్యాహ్నం. దానికి 118 సబబుగానే ఉంది. ఇరవై ఇస్తే వెక్కిరించినట్టుంటుంది. ఐదొందలిస్తే ఆవిడ సంతోషించరు, ఇంకా ఏం దాచారోనని పాత బిల్లులన్నీ తీస్తారు. పైగా పక్కింటివాళ్ళకీ ఇదే తప్పు జరిగితే ఐదొందలు ఇవ్వగలరా? ఇవ్వలేనిది ఒకరికి ఇవ్వకండి.

ఇంకో సంగతి. నియమం ప్రకారం చెల్లించాల్సిందాన్ని మంచితనం ఖాతాలో రాసుకోకూడదు. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో మాత్రం తగ్గిపోతే 5 రోజుల్లోగా వెనక్కి వేయాలనీ, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున కట్టాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో చెప్పింది. ఆ వందని ఏ బ్యాంకైనా మా కానుక అని రాస్తే ఎలా ఉంటుందో, మీ 826 అలాగే ఉంది.

ఇప్పుడు భాష. "సాంకేతిక కారణాలు" అన్నారు. ఏ యంత్రమూ చెడిపోలేదు. ప్లాన్ మార్పు కౌంటర్లో రాసుకున్నారు, బిల్లింగ్‌లో ఎక్కించలేదు. ఆఫీసుకొచ్చినరోజు ఆవిడకి ఆ మాట మీలో ఎవరో చెప్పే ఉంటారు. "వ్యత్యాసం చోటుచేసుకుంది" అంటే అది తనంతట తానే వచ్చి కూర్చున్నట్టు. మేం మర్చిపోయాం అనండి, కొంపలేం మునగవు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్నది రైలు లేటైనప్పుడు స్టేషన్‌లో మైకు చెప్పే మాట. అది విని ఎవరి మనసూ కుదుటపడినట్టు నేను చూడలేదు. క్షమాపణ మీ మెసేజ్‌లో రెండుసార్లుంది, చింత వేరే. ఒక్కసారి చాలు, అదీ తప్పేమిటో చెప్పిన తర్వాత. ముందే చెబితే దేనికో తెలియదు, చివర మళ్ళీ చెబితే బతిమాలినట్టుంటుంది. "స్వల్ప" కొట్టెయ్యండి. స్వల్పమో కాదో కట్టినవాళ్ళు చెప్పాలి. "క్రెడిట్" కూడా వద్దు, అది మీ లెక్కల పుస్తకంలో ఉండే మాట. ఇంట్లో కూర్చున్న మనిషికి "బిల్లు తగ్గిస్తాం" అంటే చాలు.

నేనైతే ఇలా పంపుతాను:

"నమస్కారమండీ. జూన్ 1 నుంచి మీరు 599 ప్లాన్‌కి మారారు. ఆ మార్పు బిల్లింగ్‌లో ఎక్కించడం మేం మర్చిపోయాం. అందువల్ల జూన్, జులై, ఆగస్టు నెలల్లో రూ. 236 చొప్పున మొత్తం రూ. 708 మీ దగ్గర ఎక్కువ తీసుకున్నాం. క్షమించండి. ఆ రూ. 708 మీరు కట్టిన ఖాతాకే ఈరోజు పంపాం, సెప్టెంబరు 12లోగా పడుతుంది. దీనికోసం మీరు మూడుసార్లు మమ్మల్ని అడగాల్సి వచ్చింది. అందుకని అది కాక, మా తరఫున సెప్టెంబరు బిల్లు తగ్గిస్తున్నాం. రూ. 707కి బదులు రూ. 589 వస్తుంది. మీరు చేయాల్సిందేమీ లేదు. 12 నాటికి డబ్బు పడకపోతే ఈ నంబరుకే ఫోన్ చేయండి, నేనే మాట్లాడతాను." కింద మీ పేరు.

"ఈరోజు పంపాం" అన్నానని గమనించండి. డబ్బు పంపాకే మెసేజ్ పంపాలి, ముందు కాదు. మీ సారు సంతకం కోసం డబ్బు నాలుగు రోజులు ఆగితే రెండో తప్పు మొదటిదానికంటే పెద్దదవుతుంది. "ఇకపై ఇలా జరగదు" అని నేను కావాలనే రాయలేదు. జరగదని మీకెలా తెలుసు? ప్లాన్ మారినవాళ్ళ చీటీలనూ బిల్లింగునూ నెలాఖర్లో ఎవరు పోల్చి చూస్తారో తేల్చుకున్నాక, ఆ మాట రాయొచ్చు. జూన్‌లో ప్లాన్ మారినవాళ్ళందరి బిల్లులూ ఈ వారమే తీసి చూడండి. అడిగినవాళ్ళకే ఇచ్చి అడగనివాళ్ళది ఉంచుకుంటే ఈ మెసేజ్ ఎంత బాగా రాసినా దండగే. అడగనివాళ్ళకు వాళ్ళ సొమ్ము తప్పకుండా వెళ్ళాలి. 118 ఇవ్వకపోయినా తప్పు లేదు, వాళ్ళు మీ చుట్టూ తిరగలేదు కనుక.

ఆ 108 రూపాయల పన్ను గురించి మీ అకౌంటెంటుకు చెప్పండి, జీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ వేస్తారు. బిల్లు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసే రోజు, ఏది ముందైతే అది దానికి గడువు. ఇది మెసేజ్‌లో రాయకండి. కస్టమరు జీఎస్టీ నంబరున్న దుకాణమైతే మాత్రం ఆ నోట్ కాగితం విడిగా పంపండి. వాళ్ళూ తమ లెక్క దిద్దుకోవాలి.

ప్రశ్న: పైసలు వాపసు ఇచ్చే మెసేజ్‌కి "వచ్చే నెలలో పెద్ద ప్లాన్ తీసుకుంటే 10 శాతం తగ్గింపు" అని చేరిస్తే బాగుంటుందా?
— నిజామాబాద్

జవాబు: బాగుండదు.

ప్రశ్న: తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే ఒక్క మెసేజ్‌కి మూడు మెసేజ్‌ల చార్జీ పడుతోంది. ఇంగ్లీషులో పంపమంటారా?
— కర్నూలు

జవాబు: తెలుగులోనే పంపండి, చిన్నది రాయండి. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 పడతాయి. అది దాటి ముక్కలైతే ముక్కకి 67. పైగా ఫోను గుణింతాన్నీ ఒత్తునూ సున్నానూ విడివిడిగా లెక్కపెడుతుంది. "క్షమించండి" మన కంటికి నాలుగక్షరాలు, ఫోను లెక్కలో పది. అయినా "రూ.708 ఎక్కువ వసూలు చేశాం. క్షమించండి. 12లోగా వాపసు." అన్నది 52లో సరిపోయింది. వివరాలు వాట్సాప్‌లో పంపండి. ఎస్సెమ్మెస్ టెంప్లేట్ ముందుగా నమోదు చేయించాలి కదా, మొత్తం, తేదీ ఉన్నచోట మారే వివరాల గుర్తు పెట్టి ఇప్పుడే చేయించుకోండి. తప్పు జరిగినరోజు మొదలుపెడితే అనుమతి వచ్చేదాకా కూర్చోవాలి.

ప్రశ్న: నేను ఇంటి దగ్గర వండి క్యారేజీలు పంపుతా. ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు నాలుగు రోజులు బిడ్డ దగ్గరికి పోయిండ్రు. ఆ రోజులకు కూడా రోజుకి 90 చొప్పున లెక్క వేసిన. సారు ఏమనలేదు గాని ముఖం చిన్నబోయింది. 500 కవర్లో పెట్టి, స్వీటు డబ్బాతో ఉత్తరం రాసి పంపాలనుకుంటున్న.
— హనుమకొండ

జవాబు: ఉత్తరం వద్దమ్మా. రోజూ క్యారేజీ తీసుకెళ్ళే మనిషితో కవరు పంపితే ఆయనకు ఇంకా చిన్నతనం. మీరే వెళ్ళండి, లెక్కల పుస్తకం పట్టుకుని. ఆ నాలుగు గీతలూ ఆయన ముందే కొట్టేసి, "సార్, ఆ నాలుగు దినాలు మీరు ఊర్ల లేరు, నేను చూసుకోకుండా వేసిన. ఇవి మీ 360" అని చేతికివ్వండి. పై 140 ఇవ్వకండి. పైసాతో సహా లెక్క చూసుకునే పెద్దమనిషి, తనది కాని డబ్బు చేతిలో పెడితే మళ్ళీ నొచ్చుకుంటారు. ఏదైనా చేయాలని ఉంటే, "ఆదివారం క్యారేజీ నా తరఫున, పుస్తకంల రాయను" అనండి. అది మీ చేతి వంట కనుక కాదనరు. స్వీటు సంగతి ఆయనకు షుగరుందో లేదో తెలుసుకున్నాక ఆలోచించండి.

ప్రశ్న: "మేం ఎక్కువ తీసుకున్నాం" అని రాసిస్తే రేపు వినియోగదారుల కమిషన్‌లో అదే సాక్ష్యమవుతుందని మా మేనేజరు భయం.
— విజయవాడ

జవాబు: బిల్లు మీరు ముందే ఇచ్చేశారు కదా. ఆ సాక్ష్యం కస్టమరు దగ్గర ఎప్పటినుంచో ఉంది. మీ మేనేజరు భయపడాల్సింది కమిషన్ ముందు ఆ బిల్లు ఒక్కటే ఉండి, డబ్బు వెనక్కిచ్చిన కాగితం లేకపోతే.