ఉండగల చోటు, ఉన్న చోటు: మౌలిక నిచ్, వాస్తవిక నిచ్

జీవావరణ శాస్త్రములో ‘నిచ్’ అనే మాట రాగానే మన విద్యార్థులలో పలువురు దానిని జీవి నివసించే చోటుగా భావించి జవాబు మొదలుపెడతారు. నివసించే చోటు ఆవాసము. అది నిచ్ కాదు. ఒక జాతి ఎంత వేడిని, ఎంత ఎండుదనమును ఓర్చుకోగలదు, ఏ ఆహారమును ఏ విధముగా సంపాదించుకొంటుంది, దానికి ఎంత స్థలము కావలెను అనే విషయములన్నీ కలిసి దాని నిచ్ అవుతాయి. 1957లో హచిన్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ నిచ్‌ను రెండుగా విడదీసి చూపినాడు. పోటీపడే జాతులు అడ్డు లేనప్పుడు ఒక జాతి ఏయే పరిస్థితులలో బ్రతికి సంతానమును నిలుపుకోగలదో ఆ మొత్తము పరిధి మౌలిక నిచ్, అనగా ఫండమెంటల్ నిచ్. ఆ జాతులు పక్కన ఉన్నప్పుడు, ఆ పరిధిలో దానికి నిజముగా దక్కే భాగము వాస్తవిక నిచ్, అనగా రియలైజ్డ్ నిచ్.

ఈ రెండు వాక్యములను కంఠస్థము చేయుట సులభమే. చిక్కు అంతా మరొక చోట ఉన్నది. ప్రకృతిలో మన కంటికి కనిపించేది ఎప్పుడూ వాస్తవిక నిచ్ మాత్రమే. ఒక జాతి ఒకచోట లేదని చూచినంత మాత్రాన, అది అక్కడ బ్రతకలేక లేదా, లేక మరొక జాతి బ్రతకనీయక లేదా అని చెప్పలేము. దీనిని తేల్చవలెనంటే అడ్డుగా ఉన్న జాతిని తొలగించి చూడవలసినదే. ఆ పనిని స్పష్టముగా చేసి చూపినవాడు జోసెఫ్ కానెల్. స్కాట్లండు పశ్చిమ తీరమున, క్లైడ్ సముద్రశాఖలోని కంబ్రే ద్వీపపు రాళ్ళపై ఆయన జరిపిన పరిశోధన 1961లో వెలువడినది. పరీక్షలో ఈ ఒక్క ఉదాహరణను చక్కగా వ్రాసిన చాలునని మా అభిప్రాయము.

ఆయన పరిశీలించిన జీవి బార్నకిల్. విశాఖపట్నము వంటి రేవులలో స్తంభములకు, పడవల అడుగులకు గరుకుగా అంటుకొని ఉండే చిన్న తెల్లని గుల్లలను చూచినవారికి దీనిని పరిచయము చేయనక్కర లేదు. పైకి నత్త బంధువువలె కనిపించినా ఇది రొయ్య, పీత చేరిన క్రస్టేషియా తరగతికి చెందినది. దీని డింభకము నీటిలో ఈది, నచ్చిన రాతిపై తలను అతికించుకొంటుంది. అటుపిమ్మట జీవితాంతము కదలదు. నీరు కప్పినప్పుడు కాళ్ళను బయటకు చాచి ఆహారకణములను పట్టుకొంటుంది. నీరు దిగినప్పుడు పలకలు మూసుకొని తడిని కాపాడుకొంటుంది. కదలని ప్రాణి కనుక ఏది బ్రతికినది, ఏది చచ్చినది, దేనివలన చచ్చినది అని ఒక్కొక్కదానిని గుర్తుపెట్టి లెక్కించవచ్చును. ప్రయోగమునకు ఇంతకంటె అనుకూలమైన జంతువు దొరకుట కష్టము.

ఆ తీరమున రెండు జాతులు ఉన్నవి. థామలస్ అనే చిన్నది రాతి పైభాగమున, అనగా అష్టమి రోజులలో వచ్చే చిన్న పోటు నీరు అందని ఎత్తున పట్టీవలె ఉంటుంది. దానికి దిగువన బలానస్ అనే పెద్దది దట్టముగా ఉంటుంది. చూచినవారు ఎవరైనను, థామలస్ ఎక్కువసేపు నీటిలో మునిగి ఉండుటకు ఓర్వలేదు కాబోలు, అందుకే పైన ఉన్నది అని అనుకొనుట సహజము. కాని ఒక విషయము ఆ ఊహకు పొసగదు. థామలస్ పిల్లలు బలానస్ ఉండే దిగువ ప్రాంతములో కూడ వచ్చి అతుక్కొంటున్నవి. పెరిగిన థామలస్‌లు మాత్రము అక్కడ దాదాపు లేవు. అయితే ఆ పిల్లలు ఏమైనట్లు?

కానెల్ థామలస్ పిల్లలు అతుక్కొన్న రాళ్ళను పోటు మట్టములలో వేర్వేరు ఎత్తులలో బిగించినాడు. ప్రతి రాతిపై ఒక భాగములో థామలస్‌ను తాకుతున్న బలానస్‌లను తొలగించుచు వచ్చినాడు. రెండవ భాగమును ముట్టుకోకుండ వదిలినాడు. ప్రతి గుల్ల స్థానమును పటముగా గుర్తించి, ఒక సంవత్సరము పాటు మళ్ళీ మళ్ళీ లెక్క తీసినాడు. రాయి ఒక్కటే, ఎత్తు ఒక్కటే, మునిగే కాలము ఒక్కటే. తేడా బలానస్ ఉండుట, లేకుండుట మాత్రమే. ఈ పోలికను జవాబులో వదలివేసిన విద్యార్థి కథ చెప్పినవాడగును గాని ఋజువు చూపినవాడు కాడు.

ఫలితము ఇట్లున్నది. బలానస్ తాకిడి లేని భాగములలో థామలస్ అన్ని ఎత్తులలోను చక్కగా బ్రతికినది. కావున నీటిలో మునిగి ఉండుట దానికి హాని కాదు. బలానస్ ఉన్న భాగములలో మాత్రము పెద్ద సంఖ్యలో చచ్చినది. బలానస్ ఎక్కువ సాంద్రతలో స్థిరపడుతుంది, త్వరగా పెరుగుతుంది. పెరుగుచు థామలస్‌ను పైనుండి కప్పివేస్తుంది, లేదా అడుగునుండి పెకలిస్తుంది, లేదా ప్రక్కనుండి నొక్కి చిదుపుతుంది. బలానస్ అతివేగముగా పెరిగే ఋతువులలోనే థామలస్ మరణములు అత్యధికముగా ఉండుట ఈ కారణమును మరింత బలపరుస్తున్నది. చావక మిగిలినవి కూడ చిన్నవిగానే ఉండిపోయినవి. చిన్న బార్నకిల్‌కు సంతానము తక్కువ. అనగా పోటీ ప్రాణము తీయుటతోనే ఆగదు, వంశమును కూడ తగ్గిస్తుంది.

వేటాడే నత్త తినివేసి ఉండవచ్చును కదా అని ఎవరైనా అడగవచ్చును. ఆ ప్రశ్నను కానెల్ ముందే ఊహించి, కొన్నింటికి జాలి పంజరములు బిగించి థైస్ అనే నత్తను దూరముగా ఉంచినాడు. పంజరములో ఉన్నవానికి, లేనివానికి బ్రతుకులో చెప్పదగిన భేదము కనబడలేదు. పైగా నత్తలు ఉన్నచోట పోటీ తీవ్రత కొంత తగ్గినది.

కనుక థామలస్ మౌలిక నిచ్ పైనుండి దిగువ దాక విస్తరించి ఉన్నది. వాస్తవిక నిచ్ పైనున్న ఇరుకైన పట్టీ మాత్రమే. ఈ రెంటికి గల వ్యత్యాసమే బలానస్ పోటీ తీసుకొన్న భాగము. పటము గీయునప్పుడు రాతి ఏటవాలును గీసి, ప్రక్కన థామలస్‌కు రెండు నిలువు పట్టీలు, ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా గీయవలెను. పొడవైన పట్టీని మౌలికమనియు, పొట్టిదానిని వాస్తవికమనియు గుర్తించి, ఎక్కువ పోటు, తక్కువ పోటు మట్టములను గీతలతో చూపిన చాలును. ఎత్తు అనేది నిచ్‌లోని ఒక్క కొలత మాత్రమేనని పటము క్రింద ఒక వాక్యము చేర్చుట మంచిది. ఉష్ణోగ్రత, ఆహారము మొదలైనవన్నీ తక్కిన కొలతలు.

బలానస్ సంగతిని చాలామంది తారుమారు చేస్తారు. ‘థామలస్ పోటీవలన బలానస్ పైకి పోలేదు’ అని వ్రాయుట తప్పు. పైభాగమున బలానస్‌ను అడ్డగించేది పోటీ కాదు, ఎండుదనము. నీరు చాలాసేపు కప్పని ఎత్తున అది ఎండి చచ్చిపోతుంది. థామలస్ ఆ ఎండను తట్టుకొంటుంది. కావున పై అంచున బలానస్‌కు మౌలిక నిచ్, వాస్తవిక నిచ్ దాదాపు ఒక్కటే. అక్కడ థామలస్‌లను ఎన్ని తొలగించినా బలానస్‌కు అదనముగా దక్కే చోటు ఉండదు. ఒకే రాతిపై ఒక జాతి దిగువ హద్దును మరొక ప్రాణియు, రెండవ జాతి ఎగువ హద్దును వాతావరణమును నిర్ణయిస్తున్నవి. పది మార్కుల జవాబులో ఈ తేడాను రెండు వాక్యములలో చెప్పగలిగినవారికి విషయము అర్థమైనదని పరీక్షకునికి తెలిసిపోతుంది.

పేర్ల విషయము ఒకటి మిగిలినది. కానెల్ వ్రాసిన బలానస్ బాలనాయిడీస్‌ను నేడు సెమిబలానస్ అని పిలుస్తున్నారు. ఆయన థామలస్ స్టెల్లేటస్ అని ఒకే జాతిగా వ్రాసినదానిలో నిజమునకు రెండు జాతులు కలవని 1976లో గుర్తించినారు. పాఠ్యపుస్తకములు చాలావరకు పాత పేర్లనే నిలిపినవి. జవాబులో పాత పేర్లు వ్రాసినా తప్పు కాదు.